మ్యాచ్‌కు పోయే డేటా పిడికెడే, మిగతాది ఎటు పోతోంది?

నల్గొండ రామగిరిలోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో అద్దె రూముల్లో ఉండి చదువుకునే పిల్లల్లో చాలామందిది రోజుకు 1.5 జీబీ వచ్చే ప్రీపెయిడ్ ప్లానే. సాయంత్రం అయ్యేసరికి ఆ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. వెంటనే నేరం గేమ్ మీదికి పోతుంది. స్క్వాడ్‌తో రెండు గంటలు ఆడాం కదా, అదే తినేసి ఉంటుంది అనుకుంటారు. ఈ అనుమానం చాలావరకు తప్పు. నలుగురు కలిసి ఆడే షూటింగ్ గేమ్ ఏదైనా సరే, మ్యాచ్ నడుస్తున్నంతసేపు అది వాడే డేటా చాలా తక్కువ. అసలు డేటా పోయేది మ్యాచ్‌కు ముందు లాబీలో, అప్‌డేట్లలో, ఆ తర్వాత గేమ్‌తో సంబంధమే లేని యాప్‌లలో. ఈ సంగతి తేల్చుకోకుండా ఏ సెట్టింగ్ మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

మ్యాచ్‌లో వచ్చేవి బొమ్మలు కావు

మీకు స్క్రీన్ మీద కనిపించే మ్యాప్, కొండలు, ఇళ్లు, తుపాకులు, బండ్లు అన్నీ ముందే మీ ఫోన్‌లో ఉన్నాయి. గేమ్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు దిగిన జీబీలు అవే. మ్యాచ్ నడుస్తుండగా సర్వర్‌కూ మీ ఫోన్‌కూ మధ్య తిరిగేది కబురు మాత్రమే. మీరెక్కడున్నారు, ఎటు తిరిగారు, కాల్చారా. ఎదుటివాడు ఎక్కడున్నాడు, వాడికి తగిలిందా లేదా. ఆ కబురును బట్టి బొమ్మ గీసే పని మొత్తం ఫోన్‌దే. ఇదంతా చిన్నచిన్న ప్యాకెట్లుగా సెకనుకు పదుల సార్లు వెళ్లి వస్తుంటుంది.

ఒక లెక్క వేద్దాం. సెకనుకు 30 ప్యాకెట్లు వెళ్తున్నాయి, 30 వస్తున్నాయి అనుకోండి. వెళ్లేది ఒక్కోటి 100 బైట్లు, వచ్చేది ఒక్కోటి 200 బైట్లు. అంటే సెకనుకు 3 కేబీ పోయింది, 6 కేబీ వచ్చింది, మొత్తం 9 కేబీ. గంటకు 3,600 సెకన్లు కాబట్టి దాదాపు 32 ఎంబీ. 25 నిమిషాల మ్యాచ్‌కైతే 13, 14 ఎంబీ. గేమ్‌ను బట్టి ఈ అంకె మారుతుంది గానీ, గంటకు కొన్ని పదుల ఎంబీల దగ్గరే తిరుగుతుంది. వంద మంది దిగే మ్యాచ్‌లో కూడా సర్వర్ అందరి కబురూ మీకు పంపదు, మీ చుట్టుపక్కల ఉన్నవాళ్లదే ఎక్కువగా పంపుతుంది. అందుకే జనం గుంపుగా దిగే చోట దిగితే డేటా కాస్త పెరుగుతుంది, ఊరవతల గుడిసెలో కూర్చుంటే తగ్గుతుంది. అలాగని డేటా కోసం గుడిసెలో కూర్చోమని చెప్పను.

ఇది తెలిస్తే ఒక పెద్ద అపోహ పోతుంది. డేటా మిగలాలంటే గ్రాఫిక్స్ తగ్గించమని ప్రతివాడూ సలహా ఇస్తాడు. గ్రాఫిక్స్ తగ్గిస్తే ఫోన్ వేడెక్కడం తగ్గుతుంది, బ్యాటరీ నిలుస్తుంది, పాత ఫోన్లో ఆట నత్తనడక నడవకుండా ఉంటుంది. డేటా మాత్రం తగ్గదు, ఎందుకంటే వచ్చే కబురు అదే. ఒక్క మినహాయింపు ఉంది. హెచ్‌డీ గ్రాఫిక్స్ కోసం వేరే ప్యాక్ దించుకోమని గేమ్ అడిగితే, అది దించకపోవడం వల్ల ఆ ప్యాక్ సైజు మేరకు ఒకసారి మిగులుతుంది.

'డేటా సేవింగ్' పేరుతో దొరికే వీపీఎన్ యాప్‌లదీ ఇదే కథ. గేమ్ పంపే ప్యాకెట్లు మామూలుగా అప్పటికే కుదించి, తాళం వేసి ఉంటాయి. వాటిని మధ్యలో ఇంకొకడు నొక్కి చిన్నది చేయలేడు. పైగా వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కు తన సొంత తొడుగు ఒకటి వేస్తుంది. 100 బైట్ల ప్యాకెట్‌కు పదుల బైట్ల తొడుగంటే, డేటా తగ్గకపోగా పెరుగుతుంది. పింగ్, అంటే కబురు సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం కూడా పెరగొచ్చు.

మైక్ సంగతి కొంచెం వేరు. మాట్లాడే గొంతు సెకనుకు సుమారు 3 కేబీ, దాని ప్యాకెట్ల తొడుగులు ఇంకో 2 కేబీ వేసుకుంటే, ఒకరు ఆగకుండా మాట్లాడితే గంటకు 18 ఎంబీ. ముగ్గురి మైకులూ తెరిచి ఉండి, రూములో ఫ్యాన్ చప్పుడు, పక్కన టీవీ కూడా వాటిలో పడుతుంటే వాయిస్ ఒక్కటే ఆటను మించిపోతుంది. అందరూ నొక్కితేనే మైక్ పనిచేసేలా పెట్టుకుంటే ఇది బాగా తగ్గుతుంది. ఇంత చేసినా మిగిలేది పదుల ఎంబీలే అని గుర్తుంచుకోండి. 1.5 జీబీ సాయంత్రానికే ఖాళీ అవడానికి ఇది కారణం కాదు.

ఒక ఫోన్ తెరిచి చూస్తే

మా మేనల్లుడు నల్గొండలో డిగ్రీ చదువుతున్నాడు. "గేమ్ మస్తు డేటా గుంజుతుంది మామా, ఏడింటికల్లా నెట్ ఖతం" అనేది వాడి గోడు. వాడి ఫోన్లో సెట్టింగ్స్‌కు వెళ్లి, సిమ్ కార్డు కింద యాప్‌ల వారీగా డేటా చూపించే పేజీ తెరిచాం. ఈ పేజీ పేరు ఒక్కో ఫోన్లో ఒక్కోలా ఉంటుంది, "App data usage" అనో "Data usage" అనో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఆ రోజు లెక్క విడిగా వస్తుంది. నెల లెక్క మాత్రమే చూపించే ఫోనైతే, పొద్దున ఉన్న అంకెను రాసుకుని రాత్రి అంకెలోంచి తీసేయాలి.

ఆ రోజు లెక్క ఇలా తేలింది. ఇన్‌స్టాగ్రామ్ 540 ఎంబీ. యూట్యూబ్ 390. ప్లే స్టోర్ 310. గేమ్ 165. వాట్సాప్ 95. మిగతాది చిల్లర. వాడు దోషిగా నిలబెట్టిన గేమ్ నాలుగో స్థానంలో ఉంది. ఇక్కడ ఆగిపోతే సగం సంగతే తెలిసినట్టు, అందుకే గేమ్ వరుస మీద నొక్కాం. మొత్తం లెక్కను ఆండ్రాయిడ్ రెండు ముక్కలుగా చూపిస్తుంది. యాప్ తెర మీద ఉన్నప్పుడు వాడింది ఒకటి, వెనకాల ఉండి వాడింది ఇంకొకటి. గేమ్ వెనకాల ఉండి 60 ఎంబీ వాడింది. మ్యాచ్ అయ్యాక గేమ్‌ను మూసేయకుండా హోమ్ బటన్ నొక్కి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్లడం వాడి అలవాటు. ఆ గ్యాప్‌లో గేమ్ తన రిసోర్సులు దించుకుంటూ కూర్చుంది.

తెర మీద ఉండి వాడిన 105 ఎంబీ కూడా అంతా మ్యాచ్‌లది కాదు. మ్యాచ్‌కు ముందు అంకె, తర్వాత అంకె రాయించాను. మైక్ తెరిచి ఆడిన ఒక మ్యాచ్‌కు 20 ఎంబీ తేడా వచ్చింది. ఆ రోజు ఆడిన మూడింటికీ కలిపి 60 వేసుకున్నా, మిగిలిన 45 లాబీది. లాబీలో కొత్త ఈవెంట్ బ్యానర్లు, కదిలే పోస్టర్లు, పక్కవాడు వేసుకున్న కొత్త డ్రెస్, తుపాకీ స్కిన్ అన్నీ అప్పటికప్పుడు దిగుతుంటాయి. కొత్త సీజన్ మొదలైన రోజు లాబీలో పది నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి, మ్యాచ్ కంటే ఎక్కువ డేటా పోవచ్చు.

ఇది మీరూ చేసుకోవచ్చు, ప్రత్యేకమైన యాప్ ఏదీ అక్కర్లేదు. కొలవకుండా సలహాలు పాటించేవాళ్లకు నాదో మాట: మీ ఫోన్లో దొంగ వేరే ఎవరైనా అయి ఉండొచ్చు. లూడో, క్యారమ్ ఆడేవాళ్ల సంగతే చూడండి. అందులో ఎత్తుకు ఎత్తు మధ్య పోయే కబురు లెక్కలోకే రానంత చిన్నది. కానీ ఆట ఆటకూ వచ్చే 30 సెకన్ల వీడియో యాడ్ ఒక్కోటి 4 నుంచి 8 ఎంబీ తింటుంది. నాణేల కోసం పది యాడ్‌లు చూశారంటే షూటింగ్ గేమ్‌లో రెండు గంటల డేటా అయిపోయినట్టే. చిన్న గేమ్ అనుకున్నదే ఎక్కువ లాగుతోంది.

మేనల్లుడి లెక్కలో ఇంకో విషయం ఉంది. యూట్యూబ్ 390 ఎంబీలో చాలా భాగం వేరేవాళ్లు అదే గేమ్ ఆడుతుంటే చూసిన వీడియోలే. సెకనుకు 1 మెగాబిట్ నడిచే మామూలు వీడియో గంటకు 450 ఎంబీ. ఆటకు గంటకు 32 అనుకున్నాం కదా, అంటే ఆట గంటసేపు చూడటం, అదే ఆటను పద్నాలుగు గంటలు ఆడటంతో సమానం. మ్యాచ్‌లో చచ్చిపోయాక దోస్తును చూస్తూ కూర్చోవడం మాత్రం ఇలాంటిది కాదు. అప్పుడు వచ్చేది వీడియో కాదు, మామూలు మ్యాచ్ కబురే.

ఏం మార్చాం

మొదట ప్లే స్టోర్. ప్రొఫైల్ బొమ్మ నొక్కి "Settings", అందులో "Network preferences", అందులో "Auto-update apps". వాడి ఫోన్లో ఏ నెట్ మీదైనా అప్‌డేట్ చేయమని ఉంది. దాన్ని "Over Wi-Fi only"కి మార్చాం. రూములో వైఫై ఎలాగూ లేదు కాబట్టి, ఇక అప్‌డేట్లు వాడు చెప్పినప్పుడే దిగుతాయి. పక్కనే "App download preference" అనే ఇంకో వరుస ఉంటుంది, అక్కడ "Ask me every time" పెట్టాం.

తర్వాత "Data Saver". ఇది ఆండ్రాయిడ్ 7 నుంచి చాలా ఫోన్లలో ఉంది. ఆన్ చేస్తే, తెర మీద లేని యాప్‌లు మొబైల్ డేటా వాడకుండా ఆపుతుంది. తెర మీద ఉన్న గేమ్‌ను ముట్టుకోదు. కొందరు గేమ్‌ను మినహాయింపు జాబితాలో పెడతారు, పెట్టకండి. పెడితే వెనకాల దించుకునే 60 ఎంబీ తలుపు మళ్లీ తెరిచినట్టే. గేమ్‌లోని మైక్ కాకుండా వేరే యాప్‌లో కాల్ పెట్టుకుని ఆడేవాళ్లకు మధ్యలో మాట తెగితే, ఆ కాల్ యాప్‌ను మాత్రం మినహాయించండి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, వాట్సాప్ మెసేజ్‌లు కొంచెం ఆలస్యంగా రావొచ్చు. ఆడేటప్పుడు ఆన్ చేసి, అయ్యాక గేమ్‌ను పూర్తిగా మూసేసి ఆఫ్ చేసుకుంటే సరిపోతుంది.

గేమ్ లోపల డౌన్‌లోడ్ పేజీ ఒకటి ఉంటుంది. అక్కడ మ్యాప్‌లు, స్కిన్‌లు, హెచ్‌డీ ప్యాక్‌లు విడివిడిగా కనిపిస్తాయి. వాడు ఆడేది రెండే మ్యాప్‌లు. మిగతావి దించడం ఆపేశాం, ఆటోమేటిక్‌గా దించుకునే బటన్ కూడా ఆఫ్ చేశాం. స్కిన్ ప్యాక్ లేకపోతే చాలా గేముల్లో ఎదుటివాడు మామూలు బట్టల్లో కనిపిస్తాడు, అంతే. ఆటకేమీ తేడా రాదు.

చివరగా వాట్సాప్‌లో మొబైల్ డేటా మీద ఫోటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా చేశాం. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ జోలికి నేను పోలేదు. అది వాడి ఇష్టం. యూట్యూబ్‌లో మొబైల్ నెట్ మీద క్వాలిటీ తగ్గించుకోమని మాత్రం చెప్పాను. 310 ఎంబీ అప్‌డేట్లు, 60 ఎంబీ వెనకాల డౌన్‌లోడ్ పోయేసరికే పావు వంతు డేటా మిగిలింది, ఆట ఒక్క మ్యాచ్ కూడా తగ్గకుండా.

పెద్ద అప్‌డేట్ వచ్చిన వారం

రోజూ లెక్క ఎంత సర్దుకున్నా, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు 1 జీబీ దాటే అప్‌డేట్ ఎదురవుతుంది. అది లేకుండా స్క్వాడ్‌తో కలవలేరు. దీనికి మంచి దారి రోజువారీ కోటా స్వభావంలోనే ఉంది. ఇలాంటి చాలా ప్లాన్లలో మిగిలిన డేటా రేపటికి రాదు, రాత్రి 12 దాటితే కొత్త 1.5 జీబీ మొదలవుతుంది. కాబట్టి రాత్రి 11 గంటలకు కంపెనీ యాప్‌లో ఎంత మిగిలిందో చూసి, 400 ఎంబీ ఉంటే అప్‌డేట్ మొదలుపెట్టండి. 12కు ఐదు నిమిషాల ముందు ఆపేయండి. ప్లే స్టోర్ చాలాసార్లు ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది, ప్రతిసారీ అన్న భరోసా మాత్రం లేదు. ఇలా రెండు మూడు రాత్రుల్లో, ఎలాగూ వృథా పోయే డేటాతోనే పని అయిపోతుంది. ఆపడం మరిచి నిద్రపోతే మాత్రం రేపటి కోటాలో పెద్ద ముక్క తెల్లారేలోపే పోతుంది.

రైల్వే స్టేషన్ వైఫై మీద ఆశ పెట్టుకునేవాళ్లున్నారు. మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి స్టేషన్లలో దొరికే రైల్‌వైర్‌లో రోజుకు మొదటి 30 నిమిషాలు 1 ఎంబీపీఎస్ వేగంతో ఉచితం. లెక్క వేస్తే సెకనుకు 125 కేబీ, అరగంటకు 225 ఎంబీ. ఒక మ్యాప్ ప్యాక్‌కు సరిపోతుందేమో గానీ, 1 జీబీ అప్‌డేట్ కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడటం దండగ.

5జీ ఫోన్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అన్‌లిమిటెడ్ 5జీ అన్ని ప్లాన్లకూ రాదు. వచ్చినా, సిగ్నల్ 5జీలో ఉన్నంతసేపే అది ఉచితం. టౌన్లో డౌన్‌లోడ్ పెట్టి బస్సెక్కితే, ఊరు దాటగానే ఫోన్ 4జీకి జారుతుంది, మిగతా డౌన్‌లోడ్ మీ కోటాలోంచే పోతుంది.

కోటా అయిపోయాక ఆడొచ్చా

చాలా ప్లాన్లలో రోజు డేటా అయిపోయినా నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఇవి బిట్లు. 8తో భాగిస్తే సెకనుకు 8 కేబీ. మ్యాచ్‌కు కిందికి రావాల్సింది 6 కేబీ అనుకున్నాం. కాగితం మీద ఆట నడవాలి. చేతిలో మాత్రం పింగ్ రెండు వేల మిల్లీసెకన్లు దాటుతుంది, తర్వాత మళ్లీ కలుపుతున్నానని చక్రం తిరుగుతుంది. ఎందుకంటే ఆ సన్నని దారిలో గేమ్ ఒక్కటే లేదు. ఎవరో గ్రూపులో 200 కేబీ ఫోటో ఒకటి పెడితే, అది దిగడానికే 25 సెకన్లు. ఆ 25 సెకన్లూ గేమ్ ప్యాకెట్లు దాని వెనక లైన్లో నిలబడతాయి. అవి చేరేలోపు మీ మనిషి చచ్చి ఉంటాడు.

పింగ్ నడకను గమనిస్తే కారణం తెలిసిపోతుంది. మ్యాచ్ మొత్తం ఒకే తీరుగా ఎక్కువ ఉంటే టవర్ మీద రద్దీ, లేదా సిగ్నల్ బలహీనం. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య ఇలా ఉండటం మామూలే, దానికి మీ సెట్టింగులతో పనిలేదు. బాగానే ఉండి, ఉన్నట్టుండి ఎగిరి, కాసేపటికి మళ్లీ దిగితే మీ ఫోన్లోనే ఇంకో యాప్ ఏదో లాగుతుండొచ్చు. "Data Saver" పెట్టి ఇంకో మ్యాచ్ ఆడినప్పుడు ఆ ఎగరడం ఆగిపోతే, అదే రుజువు. అది పెట్టినా 64 కేబీపీఎస్‌లో షూటింగ్ గేమ్ మీద నాకు నమ్మకం లేదు. వేగం తగ్గించే యంత్రాంగం ప్యాకెట్లను కొన్నిసార్లు పడేస్తుంది కూడా. లాబీ తెరుచుకోవడమే కష్టం. లూడో లాంటివి యాడ్‌ల గొడవ లేకపోతే నడుస్తాయి.

హాట్‌స్పాట్ ఇచ్చేవాడి కష్టం

రూముల్లో ఒకరి కోటా అయిపోతే "అన్నా, హాట్‌స్పాట్ ఇయ్యి" అనడం రివాజు. ఇచ్చేవాడికి తెలియని చిక్కు ఇక్కడుంది. హాట్‌స్పాట్‌కు కలిసిన ఫోన్ దాన్ని వైఫైగానే చూస్తుంది. ఇది లెక్కగట్టే నెట్ అని ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్‌కు సంకేతం పంపుతుంది గానీ, అది ప్రతిసారీ అందుతుందన్న భరోసా లేదు. అందకపోతే "Over Wi-Fi only" అని ఆపి ఉంచిన అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా ఇచ్చేవాడి డేటా మీద పడతాయి. ఇక కొన్ని గేములైతే ఈ సంకేతాన్ని పట్టించుకోనే పట్టించుకోవు, వైఫై గుర్తు కనిపిస్తే చాలు, రిసోర్సులు దించడం మొదలుపెడతాయి. ఒక్క మ్యాచ్ ఆడుకుంటానని అడిగినవాడు తనకే తెలియకుండా అర జీబీ ఖాళీ చేస్తాడు.

అందుకే హాట్‌స్పాట్ తీసుకునేవాడి ఫోన్లో, వైఫై జాబితాలో ఆ పేరు పక్కనున్న గుర్తు నొక్కి, "Network usage"లో "Treat as metered" పెట్టించండి. ఒకసారి పెడితే ఆ హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ మారనంతవరకు నిలిచి ఉంటుంది. గేమ్ లోపలి ఆటో డౌన్‌లోడ్‌ను విడిగా ఆఫ్ చేయించాలి. ఇచ్చేవాడి ఫోన్లో కూడా హాట్‌స్పాట్ సెట్టింగుల్లో ఎంతమంది కలవొచ్చో, కొన్ని ఫోన్లలో ఎన్ని ఎంబీల దగ్గర ఆగిపోవాలో కూడా పెట్టుకునే వీలుంది. 100 ఎంబీ పెడితే మైక్‌తో కలిపి నాలుగైదు మ్యాచ్‌లకు సరిపోతుంది. అంతకంటే ముందే అయిపోయిందంటే, పక్కవాడు ఆడింది మ్యాచ్ ఒక్కటే కాదని అర్థం.